ఆవకాయ వీడియోకి ఏ భాషలో పేరు పెట్టాలి?

యూట్యూబ్‌లో తెలుగు వంటల వీడియోల పేర్లన్నీ దాదాపు ఒకే అచ్చులో ఉంటాయి. ముందు నాలుగైదు తెలుగు మాటలు, తరువాత ఒక నిలువు గీత, ఆ గీత అవతల అదే సంగతి ఇంగ్లీషు అక్షరాల్లో, ఇంకా చోటు మిగిలితే మరో గీత, ఛానల్ పేరు. కొత్తగా ఛానల్ పెట్టినవాళ్లు ముందున్నవాళ్లను చూసి ఇదే పద్ధతి పట్టుకున్నారు. ఆ తెలుగు ఎవరి కోసం, ఆ ఇంగ్లీషు ఎవరి కోసం, అసలు ఇంత పొడుగు ఎందుకు అని అడిగితే మాత్రం చాలామంది నవ్వేసి ఊరుకుంటారు.

ఆ జవాబు ఛానల్ నడిపేవాళ్ల చేతిలోనే ఉంటుంది. యూట్యూబ్ స్టూడియో తెరిచి, అనలిటిక్స్‌లోకి వెళ్లి, Audience అనే ట్యాబ్ నొక్కితే చూసేవాళ్లు ఏ దేశంలో ఉన్నారో, ఏ వయసువాళ్లో, ఫోన్‌లో చూస్తున్నారో టీవీలో చూస్తున్నారో చెప్పే పట్టీలు వరసగా కనిపిస్తాయి. చాలామంది వాటిని చూస్తారు, ‘అబ్బో, అమెరికాలో కూడా చూస్తున్నారే’ అని మురిసిపోతారు, మూసేస్తారు. ఆ పట్టీలను ఒకదానితో ఒకటి కలిపి చదివినప్పుడే టైటిల్‌కు పనికొచ్చే సంగతి బయటికొస్తుంది.

గుంటూరులో ఓ గృహిణి వంటల ఛానల్ నడుపుతున్నారనుకుందాం. ఛానలూ ఊహే, ఇక్కడి శాతాలూ ఊహే. కానీ ఇలాంటి ఛానళ్ల రిపోర్టుల పోకడ సాధారణంగా ఇలాగే ఉంటుంది. వేసవి వస్తోంది, ఆవిడ ఆవకాయ వీడియో పెట్టబోతున్నారు. పేరు తెలుగులో పెట్టాలా, ఇంగ్లీషులోనా, రెండూ కలిపా?

రిపోర్టు తెరవగానే ముందు చేయాల్సిన పని షార్ట్స్‌ను పక్కకు తీయడం. Audience ట్యాబ్‌లో కనిపించే శాతాల్లో మూడు నిమిషాల లోపు షార్ట్స్, ఇరవై నిమిషాల వంట వీడియోలు అన్నీ కలిసిపోయి ఉంటాయి. షార్ట్స్ చూసేది ఎక్కువగా ఫోన్‌లోనే. పైగా 2025 మార్చి 31 నుంచి షార్ట్ మొదలైనా, మళ్లీ తిరిగినా ఒక వ్యూగా లెక్కిస్తున్నారు. అంటే నాలుగు షార్ట్స్ బాగా తిరిగిన నెలలో ఛానల్ మొత్తం ఫోన్ మీదే నడుస్తున్నట్టు కనిపిస్తుంది. షార్ట్స్ చూసేవాళ్లు వేలితో పైకి తోసుకుంటూ పోతారు, టైటిల్ చదివి ఎంచుకునేది తక్కువ. టైటిల్ నిర్ణయానికి వాళ్ల లెక్క పనికిరాదు. అందుకని Advanced mode లోకి వెళ్లి, మామూలు వీడియోలు మాత్రమే ఉండేలా వడగట్టాలి. ఆ తెర మీద మొదట కనిపించే 28 రోజుల గడువును కూడా 90 రోజులకో, ఏడాదికో మార్చుకోవాలి. సంక్రాంతికి అరిసెల వీడియో ఒకటి విపరీతంగా నడిచి ఉంటే ఆ 28 రోజుల లెక్క అరిసెల గురించి చెబుతుంది తప్ప ఛానల్ గురించి కాదు.

ఇప్పుడు దేశాల పట్టీ. మన ఊహా ఛానల్‌లో వ్యూస్ ప్రకారం భారతదేశం 74 శాతం, అమెరికా 13, గల్ఫ్ దేశాలన్నీ కలిపి 6, మిగతావి 7. ఇంతవరకే చూస్తే ‘నాలుగింట మూడొంతులు మనవాళ్లే, తెలుగులో పెడితే సరిపోతుంది’ అనిపిస్తుంది. పక్కనే ఉన్న వాచ్ టైమ్ గడి చూస్తే లెక్క కదులుతుంది. చూసిన గంటల్లో భారతదేశం 66 శాతానికి దిగింది, అమెరికా 21కి ఎగబాకింది. అక్కడివాళ్లు వచ్చేది తక్కువమందే అయినా, వచ్చినవాళ్లు కూర్చుని చూస్తున్నారన్నమాట. ఆవకాయ విషయంలో ఇందులో ఆశ్చర్యం ఏమీ లేదు. ఇక్కడ ఇంట్లో అత్తగారో అమ్మో ఉంటారు, కొలత గుర్తురాకపోతే అడుగుతారు. డాలస్‌లో ఉన్నావిడకు ఆ వీడియోనే అమ్మ. ఉప్పు ఎన్ని గ్రాములు, ఆవపిండి ఎన్ని గ్రాములు అని చివరిదాకా చూడాల్సిందే.

దేశం లెక్క కట్టేది ఐపీ చిరునామాను బట్టి. మనిషి ఎక్కడివాడు అన్నది దానికి తెలియదు, ఇప్పుడు ఏ దేశపు నెట్‌వర్క్ మీద ఉన్నాడు అన్నదే తెలుసు. గల్ఫ్‌లో వీపీఎన్ పెట్టుకుని చూసేవాళ్లు ఇంకే దేశంలోనో లెక్కకెక్కుతారు. ఇక భారతదేశం అన్న ఒక్క మాట కింద దాగేది ఇంకా పెద్దది. 2011 జనగణన ప్రకారం తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవాళ్లు దేశంలో 8 కోట్ల 11 లక్షలు. వాళ్లలో లక్షల మంది తమిళనాడు, కర్ణాటకల్లో తరతరాలుగా ఉన్నవాళ్లు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో చదివింది తమిళమో కన్నడమో. వాళ్లకు ‘ఆవకాయ’ అన్న మాట చెవికి తెలుసు, కంటికి తెలియదు. రిపోర్టులో రాష్ట్రాల విభజన దొరకదు గానీ నగరాల జాబితా దొరుకుతుంది. హైదరాబాద్, విజయవాడల తరువాత బెంగళూరు, చెన్నై పైపైన కనిపిస్తున్నాయంటే ఒక హెచ్చరిక అనుకోవాలి. బెంగళూరులో ఉన్నవాళ్లలో అనంతపురం నుంచి వెళ్లిన ఇంజనీరూ ఉంటాడు, హోసూరు వైపు తెలుగు ఇంటివాళ్లూ ఉంటారు. ఎవరెంతమందో రిపోర్టు విడదీసి చెప్పదు.

కాబట్టి టైటిల్ దగ్గర తేల్చుకోవాల్సింది భాషను కాదు, లిపిని. తెలుగు అర్థమయ్యేవాళ్లందరూ తెలుగు చదవగలిగేవాళ్లు కారు. అమెరికాలో ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. అక్కడి జనగణన సంస్థ సమాచారం ప్రకారం 2010, 2017 మధ్య ఇళ్లలో మాట్లాడే భాషల్లో అన్నిటికన్నా వేగంగా పెరిగింది తెలుగే, 86 శాతం. కొత్తగా వెళ్లినవాళ్లు తెలుగు చదువుతారు. అక్కడే పుట్టి, ఇప్పుడు కాలేజీ హాస్టల్లో పప్పు వండుకుంటున్న పిల్లలు చాలామంది చదవలేరు.

దేశం పట్టీ మీద పరికరం పట్టీ పెడితే ఇంకో పొర విడుతుంది. మొత్తం ఛానల్‌కు చూస్తే వాచ్ టైమ్‌లో టీవీ వాటా 18 శాతం. ఆ అంకె ఏ దేశానికీ సరిపోదు. Advanced mode లో ముందు భారతదేశాన్ని వడగట్టి, ఆపైన Device type ఎంచుకుంటే ఫోన్ 81 శాతం, టీవీ 12. అదే అమెరికాను వడగడితే టీవీ 41 శాతం. రెండు ప్రేక్షక సమూహాలు, రెండు తెరలు. సగటు చూసి టైటిల్ పెడితే రెండింటికీ కుదరదు.

ఫోన్‌లో టైటిల్‌కు దొరికే చోటు రెండు వరసలు. అందులో పట్టనిది మూడు చుక్కల వెనక్కి పోతుంది. ఎన్ని అక్షరాల దగ్గర తెగుతుందన్నది ఫోన్ వెడల్పును బట్టి, అక్షరాల సైజును బట్టి మారుతుంది కాబట్టి ఇంత అని ఒక అంకె చెప్పేవాళ్లను నమ్మనక్కర్లేదు. యాభై దాటినవాళ్లలో చాలామంది ఫోన్‌లో అక్షరాలు పెద్దవి చేసుకుని ఉంటారు. ఇరవై ఏళ్ల కొడుకు ఫోన్‌లో పూర్తిగా కనిపించిన టైటిల్ వాళ్ల ఫోన్‌లో సగమే కనిపిస్తుంది. వయసు పట్టీకి, టైటిల్ పొడవుకు ఉన్న అసలు సంబంధం ఇదే. పెద్దవాళ్లకు ఏ మాటలు నచ్చుతాయి, కుర్రవాళ్లకు ఏ యాస నచ్చుతుంది అన్న ఊహాగానాల కన్నా ఇది గట్టి సంగతి. పైగా పరీక్షించడం తేలిక. ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్ తీసుకుని, యాప్ తెరిచి, ఛానల్ పేజీలో సొంత వీడియోలు ఎక్కడ తెగుతున్నాయో చూస్తే రెండు నిమిషాల్లో తేలిపోతుంది.

అయితే ఆ వయసు పట్టీని పూర్తిగా నమ్మడానికి లేదు. అది 13 నుంచి 17, 18 నుంచి 24 అంటూ మొదలై 65 పైబడినవాళ్ల దాకా శాతాలు చూపిస్తుంది. అకౌంట్‌లోకి లాగిన్ అయి చూసినవాళ్ల లెక్కే అది, వాళ్లు అకౌంట్ తెరిచేటప్పుడు ఇచ్చిన పుట్టిన తేదీని బట్టి. తెలుగు ఇళ్లలో అకౌంట్ తెరిచింది ఎవరు? నాన్న ఫోన్‌లో ఉన్నది కొడుకు జీమెయిల్. హాల్లో టీవీకి తగిలించింది అల్లుడి అకౌంట్. కూతురి దగ్గరికి ఆరు నెలలకని అమెరికా వెళ్లిన అత్తగారు మధ్యాహ్నమంతా ఆ టీవీలో వంటలు చూస్తే, రిపోర్టులో 35–44 మధ్య వయసు మగవాళ్లు ఆవకాయ మీద విపరీతమైన ఆసక్తి చూపుతున్నట్టు నమోదవుతుంది. అమెరికా, టీవీ, 35–44, మగవాళ్లు అన్న నాలుగూ వంటల ఛానల్‌లో ఒకేచోట పెరిగి కనిపిస్తే, ఆ తెర ముందు కూర్చున్నది వేరే మనిషి అని అనుమానించాలి. టైటిల్‌లో కుర్రకారు ఇంగ్లీషు కుక్కడం అప్పుడు పెద్ద పొరపాటు అవుతుంది.

పొడవు దగ్గర తెలుగుకు ఇంకో ఇబ్బంది ఉంది. యూట్యూబ్ టైటిల్‌కు హద్దు 100 క్యారెక్టర్లు. మనం ఒక అక్షరం అనుకునేదాన్ని కంప్యూటర్ ముక్కలుగా లెక్కపెడుతుంది. ‘చ్చ’ మనకు ఒక అక్షరం. దానికి చ, పొల్లు, మళ్లీ చ, మూడు. దీర్ఘాలు, గుడులు, కొమ్ములు, సున్నాలు ఒక్కొక్కటీ విడిగా లెక్కే. కొన్ని ఇంగ్లీషు మాటలు తెలుగులో రాసేటప్పుడు ఒత్తు పడకుండా కీబోర్డు మధ్యలో పెట్టే కనిపించని గుర్తు కూడా లెక్కలోకి వస్తుంది.

మన గుంటూరు గృహిణి మొదట రాసుకున్న టైటిల్ ఇది:

```
ఆవకాయ పచ్చడి పక్కా కొలతలతో ఏడాదంతా పాడవకుండా ఉండాలంటే ఈ చిట్కాలు పాటించండి | Avakaya Pachadi Recipe in Telugu
```

గీతకు ఇటుపక్క తెలుగు భాగంలో కంటికి కనిపించేవి 35 అక్షరాలు, మాటల మధ్య 9 ఖాళీలు. కలిపితే 44. కంప్యూటర్ లెక్కలో అదే భాగం 74. గీత, దాని ఇరుపక్కల ఖాళీలు, ఇంగ్లీషు ముక్క కలిస్తే 109. హద్దు దాటింది కాబట్టి స్టూడియో తీసుకోదు. ఇలాంటప్పుడు చాలామంది చివర్నుంచి కత్తిరించడం మొదలుపెడతారు. దాంతో పోయేది ఇంగ్లీషు ముక్క, అంటే తెలుగు చదవలేనివాళ్లకు ఆ వీడియో ఏమిటో చెప్పే ఒకే ఒక్క ఆధారం. ఫోన్ తెర కూడా చేసేది అదే పని. 100 లోపు ఉన్నా సరే, రెండో వరస చివర తెంపేస్తుంది.

రిపోర్టు చదివాక ఆవిడ కత్తిరించాల్సింది మధ్యలో. ‘ఉండాలంటే ఈ చిట్కాలు పాటించండి’ అన్నది ఏ వీడియోకైనా తగిలించొచ్చు, ఈ వీడియో గురించి అది ఏమీ చెప్పదు. ‘రెసిపీ ఇన్ తెలుగు’ అన్నదీ అంతే, పక్కన తెలుగు కనిపిస్తూనే ఉంది కదా. మిగిలింది ఇది:

```
ఆవకాయ: ఏడాది నిల్వకు పక్కా కొలతలు | Avakaya Pachadi
```

లెక్క 51. వంటకం పేరు మొదటి మాటలోనే వచ్చింది. ఎక్కడ తెగినా అది పోదు. ‘ఏడాది నిల్వ’, ‘కొలతలు’ అన్న రెండే మాటలు మిగిలాయంటే కారణం వాచ్ టైమ్‌లో చివరిదాకా కూర్చున్న ఆ 21 శాతం మంది దానికోసమే వస్తున్నారు కాబట్టి. ఇంగ్లీషు అక్షరాల్లో వంటకం పేరు మాత్రమే ఉంది, అనువాదం లేదు. దీనికి ఆధారం ఇంకో చోట దొరుకుతుంది. Traffic source లో YouTube search నొక్కితే జనం వెతుకుతూ కొట్టిన మాటలు కొట్టినట్టే కనిపిస్తాయి. తెలుగు వంటల ఛానళ్లలో అక్కడ ఎక్కువగా ఉండేది `avakaya pachadi`, `avakaya pachadi telugu lo` లాంటి మాటలు. భాష తెలుగు, అక్షరాలు ఇంగ్లీషువి. మ్యాంగో పికిల్ అని వెతికేవాళ్లు ఉన్నా, వాళ్లలో ఉత్తరాది అచార్ కోసం వచ్చేవాళ్లే ఎక్కువ ఉండే వీలుంది.

ఇక్కడ తెలివైనవాళ్లు ఒక ప్రశ్న వేస్తారు. యూట్యూబ్‌లో టైటిల్‌కు విడిగా అనువాదం పెట్టే వీలుంది కదా, అసలు టైటిల్ తెలుగులో ఉంచి ఇంగ్లీషు అనువాదం చేర్చేస్తే అమెరికావాళ్లకు ఇంగ్లీషు, మనవాళ్లకు తెలుగు కనిపిస్తాయి, ఈ గీతల గొడవే ఉండదు కదా అని. వినడానికి చక్కగా ఉంది. అయితే ఎవరికి ఏ టైటిల్ చూపాలన్నది ప్రధానంగా చూసేవాళ్ల యాప్ భాషను బట్టి నడుస్తుంది. హైదరాబాదులోనూ, నర్సరావుపేటలోనూ చేతిలో ఉన్న ఫోన్లు ఎక్కువ భాగం ఇంగ్లీషులోనే అమర్చి ఉంటాయి. కొన్న రోజున అలా వచ్చింది, ఎవరూ మార్చలేదు. ఇంగ్లీషు అనువాదం చేర్చిన మరుక్షణం, తెలుగు చక్కగా చదువుకునే ఆ ప్రేక్షకులందరికీ తెలుగు టైటిల్ మాయమై ఇంగ్లీషుది కనిపించడం మొదలవుతుంది. డాలస్ కోసం పెట్టిన పేరు నర్సరావుపేటలో తేలుతుంది. గీత పెట్టిన రెండు లిపుల టైటిల్ చూడ్డానికి మోటుగా ఉన్నా ఇన్నేళ్లుగా నిలిచిందంటే అందుకే. మన ఆవకాయలాంటి వీడియోకి ఇంగ్లీషు అనువాదం చేర్చకపోవడమే మంచిది. చేర్చి తీరాలంటే ఆ అనువాదంలో కూడా కొంత తెలుగు లిపి ఉంచాలి.

పూర్తి ఇంగ్లీషు టైటిల్ చెల్లే చోటు వేరే ఉంది. కంట్రీ ఫుడ్స్ అనే ఛానల్‌లో వంట చేసిన మస్తానమ్మ ఆంధ్రదేశపు పల్లెలో ఉంటూ, తెలుగే మాట్లాడుతూ, ప్రపంచమంతటి ప్రేక్షకులను సంపాదించుకున్నారు. వందేళ్లు పైబడిన అవ్వ కట్టెల పొయ్యి మీద పుచ్చకాయలో కోడికూర వండుతుంటే చూడ్డానికి ఏ భాషా అక్కర్లేదు. 2018 డిసెంబరులో ఆవిడ కన్నుమూస్తే విదేశీ పత్రికలు కూడా రాశాయి. గ్రాండ్‌పా కిచెన్ ఛానల్‌తో పేరు తెచ్చుకుని 2019లో కన్నుమూసిన నారాయణరెడ్డి అయితే తెలుగు ప్రేక్షకుల కోసం కాకుండా నేరుగా ఇంగ్లీషులోనే మాట్లాడారు. ఆ వీడియోల్లో బొమ్మే అంతా చెబుతుంది. గుంటూరు గృహిణి వీడియోలో అసలు సరుకు ఆవిడ నోటి మాట. కిలో ముక్కలకు ఎంత కారం, మూడో రోజు తిరగ కలిపేటప్పుడు ఉప్పు ఎలా చూడాలి అన్నది తెలుగు అర్థమైతేనే ఉపయోగం. ఇంగ్లీషు టైటిల్ చూసి నొక్కిన పరాయి దేశస్థుడు అర నిమిషంలో వెనక్కి పోతాడు. ఇది జరుగుతోందో లేదో దేశాల పట్టీలోనే కనిపెట్టొచ్చు. ఏదైనా దేశం నుంచి వ్యూస్ పెరిగి, అదే వరసలో సగటు చూపు సమయం మిగతా దేశాల కన్నా బాగా పడిపోయి ఉంటే, టైటిల్ చెప్పిన మాటకూ వీడియోకూ పొత్తు కుదరలేదన్నమాట.

ఈ రిపోర్టు దగ్గర ఇంకో చిక్కు ఉంది. అది వచ్చినవాళ్ల గురించే చెబుతుంది. రానివాళ్లు అందులో ఉండరు. మూడేళ్లుగా తెలుగు లిపిలోనే టైటిళ్లు పెట్టిన ఛానల్‌కు చెన్నై నుంచి ఎవరూ రావడం లేదంటే, అక్కడ ఆసక్తి లేదని అనుకోవడానికి లేదు. వాళ్లు పేరు చదవలేక దాటిపోయి ఉండొచ్చు. అందువల్ల ఉన్న శాతాలను చూసి టైటిల్ పెట్టడం, ఆ టైటిల్ మళ్లీ అవే శాతాలను తేవడం ఏళ్ల తరబడి సాగుతుంది. దీన్ని తెంచాలంటే కొన్ని వీడియోలకు కావాలని వేరే రకం టైటిల్ పెట్టి చూడాల్సిందే. యూట్యూబ్ ఇప్పుడు ఒకే వీడియోకు మూడు టైటిళ్ల దాకా పెట్టి పోల్చుకునే సదుపాయం ఇస్తోంది. ఇది ముందు థంబ్‌నెయిళ్లకు వచ్చి, తరువాత టైటిళ్లకు విస్తరించింది. ఎక్కువమంది నొక్కినదాన్ని కాకుండా ఎక్కువ వాచ్ టైమ్ తెచ్చినదాన్ని గెలిచిందంటుంది, అది మంచిదే. కాకపోతే గెలుపు ఒక్కటే ప్రకటిస్తుంది, దేశానికొకటి కాదు. మూడింట రెండు వంతుల వాచ్ టైమ్ భారతదేశానిదే అయిన ఛానల్‌లో అమెరికా ఇష్టం ఆ తీర్పులో మునిగిపోతుంది.

అందుకే చేత్తో చేసే పోలిక ఇంకా అవసరం పడుతుంది. ఆవకాయకు గీతతో రెండు లిపుల టైటిల్, వారం తరువాత పెట్టే మాగాయకు తెలుగు లిపి టైటిల్ ఒక్కటే. ఒక్కో వీడియో విడుదలైన మొదటి 28 రోజులు విడివిడిగా తీసుకుని, నగరాల జాబితాలో బెంగళూరు, చెన్నై వాటాలు, దేశాల్లో అమెరికా వాటా, వాటి పక్కన సగటు చూపు సమయం పోల్చాలి. రెండు వీడియోల తేడా టైటిల్ వల్లనే వచ్చిందని ఒక్క జతతో తేల్చలేం. ఆవకాయ అందరూ వెతికేది, మాగాయ అంత కాదు. అదే పోలికను గోంగూరకు, పండుమిర్చికి తిరగేసి చేసి, ఈసారి తెలుగు లిపి వీడియోకు పొరుగు నగరాల వాటా తగ్గి, రెండు లిపుల వీడియోకు పెరిగితే అప్పుడు ఆ గీతకు తన చోటు దొరికినట్టే. పాత వీడియోల పేర్లు మార్చదలిస్తే, వెతుకులాట ద్వారా వ్యూస్ ఎక్కువగా వచ్చే వాటితో మొదలుపెట్టి, పచ్చళ్లవైతే మామిడికాయలు మార్కెట్లోకి రాకముందే, మార్చి నెలలోనే ఆ పని ముగించుకోవాలి.